రంజాన్ నెలలో మీటింగు వేళలు: మార్పును ప్రతిపాదించే తీరు

రంజాన్ నెలలో ఆఫీసు మీటింగు వేళ మార్చాలంటే, రోజా ఉన్న ఉద్యోగికి ఆ నెలలో రోజు ఎలా గడుస్తుందో ముందు తెలియాలి. 2025లో హైదరాబాదులో రంజాన్ ఉపవాసాలు మార్చి 2న మొదలయ్యాయి. ఆ రోజు తెల్లవారుజామున 5 గంటల 20 నిమిషాల ప్రాంతంలో సహరీ గడువు ముగిసింది. సాయంత్రం 6 గంటల 25 నిమిషాల ప్రాంతంలో ఇఫ్తార్ అయింది. ఈ రెండింటి మధ్య 13 గంటల పాటు అన్నం లేదు, మంచినీళ్లు లేవు, టీ కూడా లేదు. నెలాఖరుకు సహరీ గడువు 5 గంటలకు దగ్గరగా జరిగింది, ఇఫ్తార్ 6న్నరకు చేరింది. అంటే ఉపవాసం మరో అరగంట పెరిగింది.

బయటివారికి ఆకలీ దాహమే కనిపిస్తాయి. పనివేళల మీద వాటికన్నా ఎక్కువ ప్రభావం చూపేది నిద్ర. సహరీ వండుకుని తినాలంటే ఇంట్లో 4 గంటలకో 4న్నరకో లేవాలి. వండే బాధ్యత ఉన్న ఆడవాళ్లు ఇంకా ముందే లేస్తారు. తర్వాత ఫజర్ నమాజు. రాత్రి ఇషా నమాజు తర్వాత మసీదులో తరావీహ్ ఉంటుంది. ఖురాన్ పారాయణ ఎంతసేపు సాగితే అంతసేపు నిలబడాలి. అది ముగించుకుని ఇంటికి వచ్చి పడుకునేసరికి చాలామందికి 10న్నరో 11 గంటలో అవుతుంది. అలా రాత్రి నిద్ర 5, 6 గంటలే మిగులుతుంది. ఫజర్ తర్వాత గంటో గంటన్నరో కునుకు తీసి ఆ లోటు కొంత పూడ్చుకునేవారు ఉన్నారు. ఆ కునుకు మానుకుని, పెందలాడే ఆఫీసుకు వెళ్లి పెందలాడే తిరిగి రావాలనుకునేవారూ ఉన్నారు. ఒకే ఆఫీసులో పనిచేసే ఇద్దరికి ఈ విషయంలో రెండు రకాల అవసరాలు ఉండవచ్చు. వేళ మార్చాలనుకునేవారు అడిగి తెలుసుకోవాలి తప్ప ఊహించుకుని నిర్ణయించకూడదని చెప్పడానికి మొదటి కారణం ఇదే.

సాధారణంగా ఉదయం 10 నుంచి 12న్నర దాకా రోజా ఉన్నవారికి పని బాగా సాగుతుంది. మధ్యాహ్నం జుహర్ నమాజు తర్వాత ఒంట్లో నీరు తగ్గడం తెలుస్తుంది. టీ, కాఫీ అలవాటు ఉన్నవారికి మొదటి మూడు నాలుగు రోజులు తలనొప్పి రావడం మామూలే. సాయంత్రం 4 దాటాక ఏకాగ్రత సడలుతుంది. ఆ సమయానికి మనసు ఇంటి దారి మీద ఉంటుంది. ఇఫ్తార్ వేళ సూర్యుడు నిర్ణయించేది కాబట్టి, మీటింగు పావుగంట ఎక్కువ సాగితే ఆ పావుగంట సర్దుకునే వీలు ఇంటికి వెళ్లే ఉద్యోగికి లేదు.

నాదర్‌గుల్ లాంటి చోట ఈ పావుగంటకు విలువ మరీ ఎక్కువ. నగరానికి ఆగ్నేయంగా, బాలాపూర్ మండలంలో ఉన్న ఈ ప్రాంతంలో ఇంజినీరింగ్ కాలేజీలు, స్కూళ్లు, విమాన శిక్షణకు వాడే ఎయిర్‌ఫీల్డ్ ఉన్నాయి. పక్కనే ఆదిభట్లలో ఐటీ, విమాన విడిభాగాల సంస్థలు ఉన్నాయి. ఇక్కడికి వచ్చి పనిచేసే ముస్లిం ఉద్యోగుల్లో షాహీన్‌నగర్, బాలాపూర్ వైపు వారికి ఇల్లు దగ్గరే. సైదాబాద్, మలక్‌పేట, చంద్రాయణగుట్ట, పాతబస్తీ వైపు వారికి మాత్రం దూరం. మలక్‌పేట వెళ్లాల్సినవారు ముందు బస్సులోనో షేర్ ఆటోలోనో ఎల్బీనగర్ చేరాలి. అక్కడ మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా వెళ్లాలి. మెట్రో సమయానికే వెళ్తుంది. ఆలస్యం ఎక్కువగా అయ్యేది ఎల్బీనగర్ చేరే దారిలోనే. సాయంత్రం 5న్నరకు మీటింగు ముగిస్తే, కంప్యూటర్ కట్టేసి గేటు దాటేసరికి 5 గంటల 40 నిమిషాలు అవుతుంది. ఇఫ్తార్‌కు మిగిలేది ముప్పావు గంట. రంజాన్‌లో ఆ వేళకు రోజా ఉన్నవారంతా ఒకేసారి ఇంటికి బయల్దేరుతారు. పాతబస్తీ వైపు దారుల్లో హలీం బట్టీల దగ్గర, పండ్ల బండ్ల దగ్గర జనం నిండిపోతారు. అందుకే 5న్నరకు బయల్దేరిన ఉద్యోగి దారిలోనే ఒక ఖర్జూరంతో, మంచినీళ్ల సీసాతో రోజా విడవాల్సి రావడం అరుదేమీ కాదు. 4 గంటలకో 4న్నరకో బయల్దేరినవారు ఇంటివాళ్లతో కలిసి కూర్చోగలుగుతారు.

ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో ఈ ఇబ్బందికి ఒక ఏర్పాటు ఉంది. తెలంగాణ ప్రభుత్వం రంజాన్‌కు ముందు ఉత్తర్వు ఇచ్చి, ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే వెళ్లడానికి అనుమతిస్తుంది. 2025లో మార్చి 2 నుంచి 31 దాకా ఈ అనుమతి అమల్లో ఉంది. ఉపాధ్యాయులతో పాటు కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి, బోర్డులు, కార్పొరేషన్లలో పనిచేసేవారికి కూడా అది వర్తించింది. అత్యవసరమైన పని ఉన్నప్పుడు మాత్రం ఉద్యోగి ఉండాల్సిందేనన్న షరతు అందులో ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఆ సంవత్సరం గంట ముందు వెళ్లే అనుమతి ఇచ్చింది. బీహార్ ప్రభుత్వం 2023లో ఇచ్చిన ఉత్తర్వు మరో రకంగా ఉంది. అందులో ముస్లిం ఉద్యోగులు గంట ముందు వచ్చి గంట ముందు వెళ్లవచ్చు.

ఈ ఉత్తర్వులకు రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది, ఇవి ప్రైవేటు సంస్థలకు వర్తించవు. నాదర్‌గుల్ పరిసరాల్లోని ప్రైవేటు కాలేజీ అయినా, కంపెనీ అయినా సొంతంగా నిర్ణయించుకోవాలి. రెండోది ఇంకా ముఖ్యమైనది. ఉద్యోగి 4 గంటలకు వెళ్లవచ్చని ఉత్తర్వు చెబుతుంది కానీ, 4న్నర మీటింగును మార్చమని చెప్పదు. మీటింగు పాత వేళకే ఉంటే రోజా ఉన్న ఉద్యోగి ముందు రెండే దారులు మిగులుతాయి. అనుమతి ఉన్నా వాడుకోకుండా కూర్చోవాలి, లేదా వెళ్లిపోయి, తన పని గురించి తాను లేనప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని మర్నాడు తెలుసుకోవాలి. మొదటి దారిలో అనుమతి కాగితం మీదే ఉండిపోతుంది. రెండో దారిలో ఉద్యోగి నెల రోజుల పాటు నిర్ణయాలకు దూరమవుతాడు. వెళ్లే అనుమతి, మీటింగు వేళ కలిసి మారితేనే వెసులుబాటు పూర్తవుతుంది.

మార్పును ఎవరి పేరు మీద చేయాలన్న ప్రశ్నకు గల్ఫ్ దేశాల్లో రెండు జవాబులు కనిపిస్తాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగువారు ఈ రెండు పద్ధతులనూ ఎరుగుదురు. సౌదీ అరేబియా కార్మిక చట్టం రంజాన్‌లో ముస్లిం ఉద్యోగుల పనిని రోజుకు 6 గంటలకు పరిమితం చేస్తుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ప్రైవేటు రంగంలో రోజుకు 2 గంటల పని తగ్గుతుంది. ఈ తగ్గింపు రోజా ఉన్నవారికీ లేనివారికీ సమానంగా వర్తిస్తుంది. అందుకని అక్కడ ఒక ఉద్యోగి రోజా ఉన్నాడా లేడా అని యజమాని తెలుసుకోవాల్సిన పని లేదు. హైదరాబాదులోని ఒక ఆఫీసు 2 గంటల పని తగ్గించలేకపోవచ్చు. కానీ మీటింగు వేళను అందరికీ ఒకేలా మార్చడం ఏ ఆఫీసుకైనా సాధ్యమే. అలా మార్చినప్పుడు ఎవరి ఉపవాసమూ చర్చకు రాదు.

చర్చకు రాకుండా చూడాల్సిన అవసరం నిజంగానే ఉంది. రంజాన్‌లో ముస్లింలందరూ అన్ని రోజులూ రోజా ఉండరు. జబ్బుతో ఉన్నవారికి, ప్రయాణంలో ఉన్నవారికి, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మినహాయింపు ఉంది. నెలసరి రోజుల్లో స్త్రీలు రోజా ఉండరు, ఆ రోజులను తర్వాత పూర్తి చేస్తారు. షుగర్ మందులు వాడేవారు డాక్టరు సలహాతో మానుకోవచ్చు. మొత్తానికే పాటించనివారూ ఉంటారు. అందువల్ల ‘ఈ రోజు రోజా ఉన్నారా?’ అని సహోద్యోగిని అడగడం పైకి పలకరింపులా ఉన్నా, ఆరోగ్యం గురించో ఇంటి విషయం గురించో నలుగురిలో జవాబు చెప్పమన్నట్టు అవుతుంది. వేళ మార్చడానికి ఆ జవాబుతో పని లేదు. ‘మీటింగు ఏ వేళ అయితే కుదురుతుంది?’ అన్న ప్రశ్న ఒక్కటే సరిపోతుంది. దానికి కారణం చెప్పనక్కర్లేకుండా జవాబు ఇవ్వవచ్చు.

ఇక ప్రతిపాదన ఎప్పుడు పెట్టాలన్నది. ఇస్లామిక్ సంవత్సరం చంద్రుడిని బట్టి నడుస్తుంది కాబట్టి రంజాన్ ఏటా 11 రోజుల ప్రాంతంలో ముందుకు జరుగుతుంది. 2019లో అది మే ఎండల్లో వచ్చింది. 2025లో మార్చిలో వచ్చింది. 2030లో జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు చివర్లో మరోసారి మొదలవుతుంది. ఆ చలికాలపు రంజాన్ మొదటి రోజుల్లో హైదరాబాదులో సూర్యుడు 6 గంటలకు ముందే అస్తమిస్తాడు. మార్చిలో 4న్నరకు బయల్దేరితే సరిపోయినా, అప్పుడు ఆలస్యం కావచ్చు. కాబట్టి ఒక ఏడాది పట్టికను దాచిపెట్టి మరుసటి ఏడాది వాడుకోవడం కుదరదు. ఆ ఏటి ఇఫ్తార్ వేళ చూసి, ఉద్యోగుల ప్రయాణ సమయం తీసేసి, ఆఖరి మీటింగు ఎప్పటికి ముగియాలో ప్రతిసారీ లెక్క వేసుకోవాలి. మొదలయ్యే తేదీ కూడా నెలవంక కనిపించాకే ఖాయమవుతుంది. ముందురోజు రాత్రి రుయత్-ఎ-హిలాల్ కమిటీ ప్రకటన వచ్చేదాకా ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. ప్రతిపాదనను రెండు వారాల ముందే పెట్టాలి. అందులో తేదీని ‘మార్చి 2, లేదా నెలవంకను బట్టి ఒక రోజు తేడాతో’ అని రాయాలి. నెల మొదలయ్యాక హడావుడిగా చేసే మార్పు మిగతావారి పనులను చిందరవందర చేస్తుంది. దాని మూలంగా వచ్చే చిరాకు రోజా ఉన్నవారి మీదికి మళ్లుతుంది.

ఈ లెక్క ఎలా నడుస్తుందో ఒక ఊహాత్మక ఉదాహరణలో చూడవచ్చు. నాదర్‌గుల్–ఆదిభట్ల దారిలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ సేవల ఆఫీసు ఉంది. అందులో 14 మంది బృందం పనిచేస్తుంది. వారిలో నలుగురు ముస్లింలు. బృందానికి నాలుగు రకాల మీటింగులు ఉన్నాయి. రోజూ ఉదయం 9 గంటలకు పావుగంట పలకరింపు సమావేశం. మంగళవారం సాయంత్రం 4న్నర నుంచి 5న్నర దాకా పని సమీక్ష. గురువారం అమెరికాలో డాలస్‌లో ఉన్న కస్టమరుతో ఫోన్ మీటింగు. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు శిక్షణ క్లాసు. సంవత్సరం 2025.

బృందం నాయకురాలు మొదట చేయాల్సింది ఈ నాలుగింటినీ ఆ నెల వేళల పక్కన పెట్టి చూడటం. మంగళవారం సమీక్షకు ఉన్న ఇబ్బంది వెంటనే తెలుస్తుంది. శుక్రవారం క్లాసు జుమా నమాజుకు అడ్డం వస్తుంది. ఇది ఒక్క రంజాన్ ఇబ్బంది కాదు, ఏడాది పొడవునా ఉన్నదే. దాన్ని నెల రోజుల మార్పుల్లో కలపకుండా శాశ్వతంగా శుక్రవారం ఉదయానికి మార్చడం మంచిది.

గురువారం మీటింగులో మాత్రం పైకి కనిపించని చిక్కు ఒకటి ఉంది. అది డాలస్ గడియారం ప్రకారం ఉదయం 8 గంటలకు జరుగుతుంది. హైదరాబాదులో అప్పుడు రాత్రి 7న్నర. కానీ అమెరికాలో 2025 మార్చి 9న గడియారాలను గంట ముందుకు జరిపారు. ఆ రోజు నుంచి డాలస్ ఉదయం 8 అంటే హైదరాబాదులో సాయంత్రం 6న్నర. అది సరిగ్గా ఇఫ్తార్ వేళ. మార్చి 6 గురువారం ఇఫ్తార్‌కు అడ్డం రాని మీటింగు మార్చి 13న అదే పేరుతో, అదే ఆహ్వానంతో వచ్చి ఖర్జూరం చేతిలో ఉన్న నిమిషం మీద పడుతుంది. పట్టికను నెల మొదటి వారం ఒక్కటే చూసి సరిపెట్టుకుంటే ఇది దొరకదు. నాలుగు గురువారాలూ విడివిడిగా చూడాలి.

దీనికి పరిష్కారం మీటింగును రాత్రికి జరపడం కాదు. 8 గంటలకు జరిపితే ఇషా, తరావీహ్ నమాజులు మొదలవుతాయి. ఇఫ్తార్, మగ్రిబ్ నమాజు అయ్యాక, ఇషా మొదలయ్యేలోపు ఒక చిన్న వ్యవధి ఉంది. రాత్రి 7 నుంచి 7న్నర దాకా ఇంటి నుంచే ఫోన్ మీటింగులో కూర్చోవడం చాలామందికి సాధ్యమవుతుంది. కాబట్టి కస్టమరును మార్చి 6న డాలస్ వేళలో ఉదయం 7న్నరకు, ఆ తర్వాతి మూడు గురువారాల్లో 8న్నరకు రమ్మని అడగాలి. కస్టమరుకు కుదరకపోతే రెండో ప్రత్యామ్నాయం ఉండాలి. ఆ మీటింగుకు ఎవరెవరు తప్పనిసరో చూసి, ఆ నెలకు మిగతావారు వంతులవారీగా హాజరవ్వాలి. మార్పు అడిగేటప్పుడు కస్టమరుకు ఒక్క వాక్యం చాలు. మార్చి నెలలో బృందంలో కొందరు పగటి ఉపవాసం ఉంటారు, అందుకని వేళ అరగంట సవరించగలరా అని అడిగితే సరిపోతుంది. పేర్లు చెప్పనక్కర్లేదు.

వేళలు ఇలా చూసుకున్నాక నాయకురాలు ప్రతిపాదన రాస్తుంది. దాన్ని పంపేముందు నలుగురిలో ఒకరిని పిలిచి ‘మీ వాళ్లందరికీ ఇది కుదురుతుందా?’ అని అడగడం చాలా ఆఫీసుల్లో జరుగుతుంది. అలా అడిగితే ఆ ఒక్కరి మీద మిగతా ముగ్గురి తరఫున మాట్లాడే భారం పడుతుంది. ఆ ముగ్గురి నిద్ర, ఇల్లు, దారి, ఆరోగ్యం గురించి ఆయనకు తెలిసే అవకాశం తక్కువ. పరిచయం, చనువు ఉంటే రాసిన నోటును చూపించి ‘ఇందులో నొప్పించే మాట ఏమైనా ఉందా సార్?’ అని సలహా అడగవచ్చు. అంతకుమించి ఆయనను ప్రతినిధిని చేయకూడదు.

ప్రతిపాదన 14 మందికీ ఒకేసారి వెళ్లాలి. దాని మాటలు ఇలా ఉండవచ్చు. ‘అందరికీ నమస్కారం. మార్చి 2 ప్రాంతంలో రంజాన్ మొదలవుతుంది. ఆ నెలంతా సాయంత్రం 4 తర్వాత బృందం మీటింగులు లేకుండా చూద్దామని ఆలోచన. మంగళవారం సమీక్షకు రెండు వేళలు అనుకున్నాం, ఉదయం 10న్నర లేదా 11 గంటల 45 నిమిషాలు. రోజూ జరిగే 9 గంటల సమావేశాన్ని 10కి మార్చవచ్చు, లేదా అలాగే ఉంచవచ్చు. ఎవరికి ఏది కుదురుతుందో, ఏది అసలు కుదరదో శుక్రవారంలోగా నాకు విడిగా చెప్పండి. కారణం చెప్పనక్కర్లేదు. పండుగ అయ్యాక పాత వేళలే ఉంటాయి.’

ఈ నోటులో ప్రతి వాక్యానికీ ఒక పని ఉంది. రంజాన్ పేరు దాచకుండా చెప్పింది. కారణం దాచిపెట్టిన మార్పు గుసగుసలకు చోటిస్తుంది. అయినా ఎవరి పేరూ ఎత్తలేదు. ఒక వేళను ఖాయం చేసి ఒప్పుకోమనలేదు, రెండు చూపించి ఎంచుకోమంది. జవాబు విడిగా అడగడం వల్ల, అందరూ చూస్తుండగా ‘నాకు కుదరదు’ అని చెప్పే ఇబ్బంది రోజా ఉన్నవారికీ లేనివారికీ ఉండదు. ముగిసే తేదీ చెప్పడం వల్ల ఈ మార్పు ఎంతకాలమో మిగతా 10 మందికి ముందే తెలుస్తుంది.

ఇదే విషయాన్ని ‘మన ముస్లిం సోదరుల కోసం ఈ నెల మీటింగులన్నీ మారుస్తున్నాం, అందరూ సహకరించాలి’ అని రాస్తే ఉద్దేశం మంచిదే అయినా ఫలితం వేరుగా ఉంటుంది. నలుగురూ అడగని మేలుకు నెల రోజులు రుణపడినట్టు అవుతుంది. మిగతా 10 మంది త్యాగం చేసినట్టు అవుతుంది. ఆ తర్వాత ఏ పని ఆలస్యమైనా వేలు ఆ నలుగురి వైపు చూపుతుంది.

ఉదాహరణలో జవాబులు వచ్చాయి. 10న్నర చాలామందికి నచ్చింది కానీ, టెస్టింగ్ చూసే ఇద్దరికి 11న్నర దాకా యంత్రం దగ్గర ఉండక తప్పదు. కాబట్టి సమీక్ష 11 గంటల 45 నిమిషాలకు ఖాయమైంది. గంట మీటింగును ముప్పావు గంటకు కుదించారు. 12న్నరకు ముగిస్తే మిగతావారి భోజనానికీ, జుహర్ నమాజుకూ అడ్డం రాదు. ఉదయం 9 గంటల సమావేశం విషయంలో ముస్లిం ఉద్యోగుల్లోనే ఇద్దరు 10 కావాలన్నారు. పెందలాడే వచ్చి 4కే వెళ్లాలనుకున్న మరో ఇద్దరు 9 ఉంచమన్నారు. అలాంటప్పుడు మెజారిటీ లెక్క వేయడం కన్నా, ఆ పావుగంట సమావేశాన్ని నెల రోజుల పాటు రాతపూర్వకంగా మార్చడం తేలిక. ప్రతి ఒక్కరూ తాము పని మొదలుపెట్టినప్పుడు నాలుగు వాక్యాలు రాసి పెడతారు.

పనిగంటల లెక్కను మొదటి రోజే తేల్చాలి. ప్రైవేటు ఆఫీసులో 4 గంటలకు వెళ్లేవారు ఆ మిగిలిన సమయానికి తిరిగి పని చేయాలా, ఎప్పుడు చేయాలి, లేక సంస్థ ఇచ్చేసిందా అన్నది రాతలో ఉండాలి. దీన్ని తేల్చకుండా ‘చూద్దాంలే’ అని వదిలేస్తే వెళ్లేవారు తప్పు చేస్తున్నట్టు తలవంచుకుని వెళ్తారు, ఉండేవారు గడియారం చూస్తారు. రోజా ఉన్నవారికి భోజన విరామం అక్కర్లేదు కదా, ఆ సమయం పనికి కలపవచ్చు కదా అనే ప్రతిపాదన తరచూ వస్తుంది. ఆ విరామంలోనే వారు జుహర్ నమాజు చేస్తారు, కాసేపు నడుం వాలుస్తారు. దాన్ని మొత్తంగా తీసేస్తే మధ్యాహ్నం పని మరింత మందగిస్తుంది. ఉద్యోగి తానే కోరితే అందులో కొంత తగ్గించుకోవచ్చు, సంస్థ తీసేయకూడదు.

మార్పు అమల్లోకి వచ్చాక అది సరిగ్గా సాగుతోందో లేదో తెలుసుకోవడానికి కొన్ని గుర్తులు ఉన్నాయి. మొదటి గుర్తు, మీటింగు 11 గంటల 45 నిమిషాలకే జరుగుతుంది కానీ, అసలు నిర్ణయాలు సాయంత్రం 5 గంటలకు టీ దగ్గర తేలుతుంటాయి. మర్నాడు ‘నిన్న సాయంత్రం అనుకున్నాం’ అన్న మాట రెండు మూడుసార్లు వినిపిస్తే వేళ కాగితం మీదే మారిందని అర్థం. అప్పుడు 4 తర్వాత తేలిన ఏ విషయమైనా మర్నాడు ఉదయం అందరూ చూశాకే ఖాయమవుతుందని నియమం పెట్టుకోవాలి. మరో గుర్తు, రోజా ఉన్నవారిని కొత్త పనులకు పిలవడం తగ్గిపోవడం. ‘పాపం, ఉపవాసంలో ఉన్నారు, ఎందుకులే ఇబ్బంది’ అని ఒక ముఖ్యమైన పనిని మరొకరికి ఇవ్వడం జాలితోనే జరుగుతుంది. సంవత్సరాంతపు మదింపులో మాత్రం అది పని చేయని నెలగా కనిపిస్తుంది. ఇబ్బందిగా ఉందో లేదో చెప్పాల్సింది ఆ ఉద్యోగే. మూడో గుర్తు, మిగతావారిలో ఒకరిద్దరి మీదే సాయంత్రం పనులన్నీ పడటం. 4 తర్వాత వచ్చే ఫోన్లు రోజూ ఒకరే ఎత్తుతుంటే రెండో వారానికి అలక మొదలవుతుంది. వాటికి మొదటి రోజే వంతులు వేయాలి.

మీటింగు గదిలో టీ, సమోసాలు పెట్టడం గురించి కూడా మొహమాటాలు ఉంటాయి. రోజా ఉన్నవారిలో ఎక్కువమంది ఎదుటివారు తినడాన్ని ఇబ్బందిగా తీసుకోరు. దాన్ని నిషేధిస్తే మిగతావారికి శిక్షలా ఉంటుంది. భోజనంతో కూడిన మీటింగును మాత్రం ఆ నెలకు వాయిదా వేయడం మేలు. హాజరు తప్పనిసరైన చోట గంటసేపు ఖాళీ ప్లేటు ముందు కూర్చోబెట్టినట్టు అవుతుంది కాబట్టి.

నెల చివరి భాగాన్ని విడిగా చూసుకోవాలి. ఆఖరి 10 రాత్రుల్లో ప్రార్థనలు పెరుగుతాయి, నిద్ర ఇంకా తగ్గుతుంది. అందులో షబ్-ఎ-ఖద్ర్ రాత్రి కొందరు తెల్లవార్లూ మేలుకుంటారు. ఆఖరి శుక్రవారం జుమతుల్ విదాకు మక్కా మసీదులో వేలాదిమంది నమాజు చేస్తారు. చార్మినార్ చుట్టూ ట్రాఫిక్ మళ్లిస్తారు. మార్చి నెలాఖరు అంటే ఆర్థిక సంవత్సరం ముగింపు కూడా. 2025లో ఈద్ సరిగ్గా మార్చి 31న వచ్చింది. లెక్కలు మూసే విభాగాలకు ఆ వారం ఏడాదిలోకెల్లా బరువైనది. అలాంటి సంవత్సరంలో చేయగలిగింది ఒక్కటే. గడువు పనుల్లో ముందే ముగించగలిగినవాటిని నెల రెండో వారంలోకి లాగాలి. పండుగ సెలవు నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు కాబట్టి ఆ రెండు రోజుల్లోనూ వాయిదా వేయలేని మీటింగు పెట్టకూడదు.

ప్రతిపాదన పెట్టినప్పుడు ‘మరి మా ఉపవాసాల సంగతేమిటి?’ అన్న ప్రశ్న వస్తుంది. 2025లో ప్రభుత్వ ఉత్తర్వు మీద కూడా ఇదే ప్రశ్నతో రాజకీయ విమర్శలు వచ్చాయి. ఆఫీసు స్థాయిలో ఆ ప్రశ్నను వాదంగా తీసుకోనక్కర్లేదు, సమాచారంగా తీసుకోవచ్చు. అయ్యప్ప దీక్షలో ఉన్నవారికి 41 రోజుల పాటు తెల్లవారుజామున, సాయంత్రం స్నానం, పూజ ఉంటాయి. వారికీ సాయంత్రం 5న్నర దాకా సాగే మీటింగు ఇబ్బందే. కార్తీక సోమవారం పగలంతా ఉపవాసం ఉండి నక్షత్ర దర్శనం అయ్యాక తినేవారికీ అంతే. రంజాన్‌కు రాసిన నోటునే తేదీలు మార్చి ఆయా సమయాల్లో పంపవచ్చు. రెండు వారాల ముందు అడగడం, రెండు వేళలు చూపడం, కారణం అడగకపోవడం, ముగింపు తేదీ చెప్పడం అనే ఆ నాలుగు అంశాలు ఏ దీక్షకైనా సరిపోతాయి. ప్రశ్న వేసిన సహోద్యోగికి మాటలతో సర్దిచెప్పడం కన్నా, కార్తీకంలో ఆ నోటు పంపడమే సరైన జవాబు.

పండుగ తర్వాత మొదటి పనిదినం నుంచి పాత వేళలు తిరిగి అమల్లోకి వస్తాయి. ఆ వారంలో నాయకురాలు బృందాన్ని రెండు విషయాలు అడగాలి. కొత్త వేళల్లో దేనివల్ల పని ఆగింది, దేన్ని శాశ్వతంగా ఉంచుకుంటే మేలు అని. సాయంత్రం సమీక్ష ఉదయానికి మారడం బడి నుంచి పిల్లలను తెచ్చుకునేవారికో, దూరం నుంచి బస్సులో వచ్చేవారికో కూడా మేలు చేసి ఉండవచ్చు. వచ్చిన జవాబులను, ఆ ఏటి ఇఫ్తార్ వేళలను, ప్రయాణ లెక్కను కలిపి రాసి పెట్టుకుంటే, మరుసటి ఏడాది 11 రోజులు ముందుకు జరిగి వచ్చే రంజాన్‌కు కొత్త లెక్క వేయడం సులువవుతుంది.